‘ఇన్‌స్టాల్ అయింది’ అన్న జవాబు మీద సీటు ఇవ్వొచ్చా? ఒక శిక్షణ షెడ్యూలు కేస్ స్టడీ

నేపథ్యం

ఉద్యోగుల శిక్షణలకు ఏర్పాట్లు చూడటం నా పని. పాఠం చెప్పేవారు వేరే ఉంటారు. ఎవరు రావాలి, ఎప్పుడు రావాలి, ఏం సిద్ధం చేసుకుని రావాలి అన్నది నా వంతు. ఇది ఒక మధ్యస్థాయి సేవల సంస్థలో జరిగిన కేసు. గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను, అంకెలు కొద్దిగా మార్చాను. జరిగిన క్రమాన్ని మాత్రం మార్చలేదు.

ఆ సంస్థలో ఫైనాన్స్, ఆపరేషన్స్ విభాగాల వాళ్లు నెలవారీ రిపోర్టులన్నీ ఎక్సెల్‌లో చేతితో తయారు చేసేవారు. ఆ పనిని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి మార్చుకోవడం నేర్పాలని రెండు రోజుల శిక్షణ పెట్టారు. బయటి నుంచి వచ్చే ట్రైనర్, 20 సీట్లు, ఎవరి ల్యాప్‌టాప్ మీద వాళ్లే చేయాల్సిన అభ్యాసాలు. మొదటి బ్యాచ్‌ను విభాగం వాళ్లే నడిపారు. అది దెబ్బతిన్నాక రెండో బ్యాచ్ షెడ్యూలు చూడమని నన్ను పిలిచారు.

సమస్య ఏమిటి

మొదటి బ్యాచ్‌కు వెళ్లిన ఆహ్వానంలో షరతులు మూడే ఉన్నాయి: డేటాబేస్ నుంచి డేటా రప్పించే భాష ఎస్‌క్యూఎల్ బేసిక్స్ తెలిసి ఉండాలి, పైథాన్ ఇన్‌స్టాల్ చేసిన ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలి, జతచేసిన మెటీరియల్ ముందే చదివి రావాలి. కింద ఒక ఫారం పెట్టారు. ఇరవై మందీ మూడు షరతులకూ టిక్కు పెట్టారు. కాగితం మీద చూస్తే ఇంతకంటే సిద్ధంగా ఉన్న బ్యాచ్ ఉండదు.

తీరా ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు మొదలు కావాల్సిన మొదటి అభ్యాసం భోజనాల తర్వాత గానీ మొదలు కాలేదు. ఐటీ విభాగం నుంచి ఇద్దరు వచ్చి టేబుల్ టేబుల్‌కీ తిరిగారు. అన్నీ సిద్ధంగా ఉన్న ఏడెనిమిది మంది ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. రెండో రోజు చెప్పాల్సిన పాఠంలో సగం మిగిలిపోయింది. అభిప్రాయ ఫారాల్లో చాలామంది ‘ట్రైనర్ స్పీడుగా వెళ్లారు’ అని రాశారు. విభాగం దాన్నిబట్టి ట్రైనర్‌ను మార్చాలనుకుంది. స్పీడు పెరిగింది ట్రైనర్ వల్ల కాదు, ఉదయం పోయిన నాలుగు గంటల వల్ల.

రెండో బ్యాచ్ తేదీ వేసే ముందు ఐటీ వాళ్లతో కూర్చుని, ఆ ఉదయం ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఏం తప్పు దొరికిందో రాయించాను. ‘ఉద్యోగులు శ్రద్ధ పెట్టలేదు’ అన్న మాట అప్పటికే ఆఫీసంతా చుట్టేసింది. అది నిజమైతే గట్టిగా చెబితే సరిపోతుంది. కాకపోతే ఎంత గట్టిగా చెప్పినా ఫలితం ఉండదు. ఆ తేడా తేలకుండా తేదీ వేయదలచుకోలేదు.

జాబితా చూశాక విషయం వేరేగా కనిపించింది. టిక్కు పెట్టినవాళ్లలో ఎక్కువమంది అబద్ధం చెప్పలేదు. వాళ్లకు తెలిసినంతలో పైథాన్ ఉంది.

కొందరి ల్యాప్‌టాప్‌లలో పైథాన్ అసలు లేదు, కానీ ఉన్నట్టు కనిపిస్తుంది. విండోస్‌లో `python` అన్న పేరుతో ఒక షార్ట్‌కట్ ముందే ఉంటుంది. కమాండ్ విండోలో ఆ మాట టైప్ చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ పేజీ తెరుచుకుంటుంది. ఏదో ఒక కిటికీ తెరుచుకుంది కాబట్టి ‘ఉంది’ అనుకున్నారు. నమ్మకం కుదరాలంటే `where python` అని అడగాలి. జవాబులో `WindowsApps` ఫోల్డర్ ఒక్కటే కనిపిస్తే అనుమానించాల్సిందే.

ఇంకొందరివి ఐటీ వాళ్లే ఇన్‌స్టాల్ చేసిన ల్యాప్‌టాప్‌లు. టికెట్ క్లోజ్ అయింది, పైథాన్ మాత్రం కనపడదు. కారణం చిన్నదే. పైథాన్ ఇన్‌స్టాలర్ మామూలుగా ఏ యూజర్ పేరుతో నడిస్తే ఆ యూజర్ ఫోల్డర్‌లోనే కూర్చుంటుంది. టెక్నీషియన్ తన అడ్మిన్ లాగిన్‌తో నడిపాడు కాబట్టి అది అతని ఖాతాలోకి వెళ్లింది. ఉద్యోగి లాగిన్ అయితే ఏమీ లేదు. టెక్నీషియన్ చెప్పింది నిజం, ఉద్యోగి చెప్పిందీ నిజం.

మూడో రకం అందరికంటే ఎక్కువ సమయం తిన్నది. పైథాన్ ఉంది, పట్టికలతో పనిచేయడానికి కావాల్సిన పాండాస్ ప్యాకేజీ దిగదు. తెరమీద ఎర్రటి అక్షరాల మధ్య `CERTIFICATE_VERIFY_FAILED` అని వస్తుంది. సంస్థ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్‌కు వెళ్లే ప్రతి కనెక్షన్‌నూ మధ్యలో ఉండే ప్రాక్సీ సర్వర్ తెరిచి చూసి, తన సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతుంది. ఆ సర్టిఫికెట్ విండోస్‌కు తెలుసు. ప్యాకేజీలను దించే సాధనమైన పిప్ పాతదైతే దానికి మాత్రం తెలియదు, ఎందుకంటే అది తనతో తెచ్చుకున్న జాబితానే చూస్తుంది. పిప్ 24.2 నుంచి, పైథాన్ 3.10 లేదా ఆపై వెర్షన్ ఉంటే, విండోస్ దగ్గరున్న జాబితాను కూడా చూస్తుంది. అందుకే పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి దిగింది, ఒకరికి దిగలేదు. ఇంట్లో వీపీఎన్ లేకుండా ప్రయత్నించినవాళ్లకు ఏ అడ్డూ లేదు కాబట్టి వాళ్లు నిశ్చింతగా వచ్చారు. కొత్త అభ్యాసానికి ఇంకో ప్యాకేజీ కావాల్సి వచ్చినప్పుడు గదిలో ఇరుక్కుపోయారు.

చివరిగా, డెస్క్‌టాప్‌ల మీద పనిచేసే నలుగురికి శిక్షణ రోజు ఉదయమే పూల్ నుంచి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. ముందస్తు పని వాళ్లు చక్కగా చేశారు, కానీ డెస్క్‌టాప్ మీద. చేతికొచ్చిన ల్యాప్‌టాప్‌లో ఏమీ లేదు. పైగా వాటిలో రెండింట్లో లాగిన్ కూడా కాలేదు. డొమైన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో కొత్త యూజర్ మొదటిసారి లాగిన్ అవ్వాలంటే అది ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిసి ఉండాలి. ఆ రెండూ అప్పటికి గెస్ట్ వైఫైకి మాత్రమే కలిసి ఉన్నాయి.

మొదట ప్రయత్నించినవి, అవి ఎందుకు నిలవలేదు

మేనేజర్లను సీసీలో పెట్టి రిమైండర్లు పెంచుదామని విభాగాధిపతి అన్నారు. వద్దనడానికి నా దగ్గర అప్పటికి రుజువు లేదు, ఖర్చు కూడా లేదు కాబట్టి చేసి చూశాం. జవాబులు బాగా పెరిగాయి. అందరూ ‘డన్’ అని రాశారు. వాళ్లలో ముగ్గురి దగ్గరకు వెళ్లి `where python` నడిపించి చూస్తే ఒక్కరిదే సరిగ్గా ఉంది. మేనేజర్ చూస్తున్నాడంటే జనం త్వరగా జవాబిస్తారు, అంతే. ల్యాప్‌టాప్‌లో ఉన్నది మారదు.

తర్వాత ఐటీ వాళ్లు, ఉద్యోగుల ప్రమేయమే లేకుండా సాఫ్ట్‌వేర్‌ను కేంద్రం నుంచి అన్ని ల్యాప్‌టాప్‌లకూ తామే పంపుతామన్నారు. సరైన ఆలోచనే, ఇప్పటికీ ఇన్‌స్టాలేషన్ ఆ దారిలోనే చేస్తున్నాం. కాకపోతే దాని మీదే ఆధారపడటం కుదరలేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు వీపీఎన్‌కు కలవని రోజుల్లో ప్యాకేజీ వాళ్లకు చేరదు. చేరినా రీస్టార్ట్ అడుగుతుంది, వాళ్లు ‘తర్వాత’ నొక్కుతారు. ఐటీ తెరమీద అది పంపినట్టుగానే కనిపిస్తుంది. ‘పంపాం’ అన్నదానికీ ‘పనిచేస్తోంది’ అన్నదానికీ మధ్య ఆరు ల్యాప్‌టాప్‌లు తేడా వచ్చాయి.

ట్రైనర్ మూడో దారి చూపారు. బ్రౌజర్‌లో నడిచే నోట్‌బుక్ వాడితే ఇన్‌స్టాలేషన్ గొడవే ఉండదన్నారు. ఆ రెండు రోజుల మట్టుకు అది నిజమే. కానీ సంస్థ డేటాను బయటి సర్వర్‌లో పెట్టడానికి సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు. నమూనా డేటాతో నేర్పినా, సోమవారం ఉద్యోగి తన సీటుకు వెళ్లి సొంత రిపోర్టు తెరిచేసరికి ఇదే ఇన్‌స్టాలేషన్ సమస్య, ఈసారి సాయానికి ఎవరూ లేకుండా, ఎదురవుతుంది. శిక్షణ సాఫీగా జరిగి పని మాత్రం మారకపోతే ఆ రెండు రోజులు దేనికి? అందుకే ఆ దారి వదిలేశాను.

తిప్పి వేసిన షెడ్యూలు

ఈ ప్రయత్నాల్లో తేలిందేమిటంటే, ‘ముందస్తు పని’ అని ఒకే పేరుతో పిలుస్తున్నవి రెండు వేర్వేరు పనులు. ఒకటి ల్యాప్‌టాప్ సిద్ధం చేసుకోవడం. రెండోది బుర్ర సిద్ధం చేసుకోవడం. వీటి గడువులు వేరుగా ఉండాలి. ల్యాప్‌టాప్‌లో తప్పు దొరికితే దాన్ని బాగుచేసేది ఉద్యోగి కాదు, ఐటీ. వాళ్లకు రోజులు కావాలి కాబట్టి ఆ గడువు చాలా ముందుండాలి. చదువుకునే పని అలా కాదు, మరీ ముందు చేయిస్తే శిక్షణ నాటికి మర్చిపోతారు. మొదటి బ్యాచ్‌లో రెంటికీ ‘శిక్షణకు ముందు రోజులోగా’ అని ఒకటే గడువు పెట్టారు. ల్యాప్‌టాప్‌కు అది చాలా ఆలస్యం. ముందు రోజు సాయంత్రం ఆరు గంటలకు సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చినవాడు ఎవరికి చెప్పుకుంటాడు?

కాబట్టి శిక్షణ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాను. అన్నింటికంటే ఎక్కువ సమయం పట్టేది సాఫ్ట్‌వేర్‌కు సెక్యూరిటీ అనుమతి, ఆ సంస్థలో పది పనిదినాల దాకా పట్టేది. దానికి ఇన్‌స్టాలేషన్, పరీక్ష, రిపేరు, చదువు కలిపితే ఇరవై ఐదు పనిదినాలకు తగ్గకుండా కావాలి. విభాగం అడిగిన తేదీ అంతకంటే దగ్గర్లో ఉంది. ఫైనాన్స్ వాళ్లకు నెల చివరా, కొత్త నెల మొదటి వారమూ పుస్తకాలు మూసే హడావుడి కాబట్టి ఆ రోజులూ పోయాయి. చివరికి తేదీ తరువాతి నెల మూడో వారానికి జరిగింది. విభాగాధిపతికి నచ్చలేదు. వెనక్కి లెక్కపెట్టిన క్యాలెండర్‌ను ముందు పెట్టి, ఇందులో ఏ మెట్టు తీసేద్దామో చెప్పమన్నాను. సెక్యూరిటీ అనుమతిని త్వరపెడతానని ఆయనే ఫోన్ చేశారు, రెండు రోజులు కలిసొచ్చాయి. ఆ రెండూ రిపేర్ల వాటాకే కలిపాను.

అర్హతను అడగడం మానేసి చూడటం

క్రమంలో మొదట రావాల్సింది అర్హత పరీక్ష. సీట్లు ఎవరివో తేలకుండా ఎవరి ల్యాప్‌టాప్ సిద్ధం చేయాలో తెలియదు. అందుకే ఈ పరీక్షకు ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేకుండా, మామూలు ఫారంలో చదివి జవాబిచ్చేలా పెట్టాం.

ఎస్‌క్యూఎల్ ఎందుకని ట్రైనర్‌ను అడిగాను. చాలా శిక్షణల్లో అర్హతల జాబితా పాత ఆహ్వానం నుంచి అలాగే అతికించి ఉంటుంది, ఎవరూ వాడరు. ఇక్కడ మాత్రం కారణం ఉంది. రెండు పట్టికలను కలపడం, గుంపులుగా లెక్కపెట్టడం అన్న రెండు పనులనూ ట్రైనర్ ఎస్‌క్యూఎల్‌తో పోల్చి పది నిమిషాల్లో దాటేస్తారు. అది తెలియనివాళ్లకు అక్కడ గంట పడుతుంది. అంటే మాకు కావాల్సింది ‘ఎస్‌క్యూఎల్ తెలుసా’ అన్న ప్రశ్నకు జవాబు కాదు, ఆ రెండు పనులు అర్థమయ్యాయా అన్నది. ట్రైనర్ ఐదు ప్రశ్నలు రాశారు. వాటిలో ఎక్కువ పని చేసింది ఇది. నలుగురు కస్టమర్లు, కొన్ని ఆర్డర్లు ఉన్న రెండు చిన్న పట్టికలు చూపించి, వాటిలో ఒక్క ఆర్డరూ లేని కస్టమర్ ఒకరు ఉండేలా పెట్టి, ఈ క్వెరీ ఇచ్చారు.

```
SELECT c.name, COUNT(*)
FROM customers c
LEFT JOIN orders o ON o.customer_id = c.id
GROUP BY c.name;
```

ఆర్డర్లు లేని ఆ కస్టమర్ పక్కన ఏం వస్తుంది: అసలు వరుసే రాదా, 0 వస్తుందా, 1 వస్తుందా? సరైన జవాబు 1. లెఫ్ట్ జాయిన్ ఆ కస్టమర్ కోసం ఒక ఖాళీ వరుసను ఉంచుతుంది, `COUNT(*)` ఆ వరుసను కూడా లెక్కపెడుతుంది. సున్నా రావాలంటే `COUNT(o.id)` అని రాయాలి.

ఈ ప్రశ్నలో నాకు నచ్చింది తప్పు జవాబులే. ‘0’ అన్నవాళ్లకు జాయిన్ అర్థమైంది, లెక్కలో చిన్న మెలిక తెలియలేదు. వాళ్లు శిక్షణకు హాయిగా రావచ్చు. ‘వరుసే రాదు’ అన్నవాళ్లకు జాయిన్ ఇంకా అందలేదు. మార్కులు కూడితే ఇద్దరికీ ఒకటే సున్నా పడుతుంది. అందుకే కటాఫ్ మార్కు పెట్టకుండా, ఎవరు ఏ జవాబు ఎంచుకున్నారో చూసి నిర్ణయించాం. దరఖాస్తు చేసినవాళ్లలో ఎనిమిది మందిని ముందుగా పూటంతా జరిగే ఎస్‌క్యూఎల్ క్లాసుకు పంపి, తర్వాతి బ్యాచ్‌లో సీటు ఖాయం చేశాం.

ఫలితాలు మేనేజర్లకు పంపలేదు. ఒక మేనేజర్ గట్టిగానే అడిగారు. పంపితే వచ్చేసారి జనం పక్కవాళ్లను అడిగి జవాబులు రాస్తారు, అప్పుడు పరీక్ష మళ్లీ పాత టిక్కులాగే మారుతుంది. ‘ఫలానా బ్యాచ్‌లో సీటు ఉంది’ అన్నంతవరకే ఆయనకు చెప్పాను.

ఒక్క వరుస రుజువు

సీటు వచ్చిన ప్రతి ఒక్కరికీ సీటు ‘తాత్కాలికం’ అని రాసి పంపాం. అది ఖాయం కావాలంటే, శిక్షణకు తెచ్చే ల్యాప్‌టాప్‌లోనే ఒక చిన్న ఫైల్ నడిపి, తెరమీద వచ్చిన ఒక్క వరుసను ఫారంలో అతికించాలి.

```
import sys, platform, pandas as pd
df = pd.read_excel("sample.xlsx")
print("READY", platform.node(),
      sys.version.split()[0], len(df))
```

ఈ నాలుగు వరుసల్లో ప్రతి ముక్కా మొదటి బ్యాచ్‌లో దొరికిన ఒక తప్పును పట్టుకోవడానికే ఉంది. `platform.node()` ఆ కంప్యూటర్ పేరు ఇస్తుంది. ఐటీ దగ్గరున్న జాబితాతో పోలిస్తే డెస్క్‌టాప్ మీద నడిపారో, ఇంటి కంప్యూటర్ మీద నడిపారో తెలిసిపోతుంది. వెర్షన్ నంబర్ ఎందుకంటే, ప్యాకేజీల ఫైళ్లు ఒక్కో పైథాన్ వెర్షన్‌కు ఒక్కోలా ఉంటాయి. 3.11 కోసం తెచ్చిన పాండాస్ ఫైల్ 3.12 మీద ఎక్కదు. ఎక్సెల్ ఫైల్‌నే చదివించడానికీ కారణముంది. పాండాస్ ఒక్కటే ఉంటే సరిపోదు, ఎక్సెల్ చదవాలంటే `openpyxl` విడిగా కావాలి. అది లేకపోతే ఇక్కడే ఆగిపోతుంది. చివర వచ్చే వరుసల సంఖ్య నమూనా ఫైల్‌ది. అది మాకు తెలుసు, ఆహ్వానంలో రాయలేదు.

ప్రాక్సీ గొడవ తప్పించడానికి ప్యాకేజీలను ఐటీ వాళ్లు ఒకసారి దించి, షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టారు. ఉద్యోగి ఆ ఫోల్డర్‌ను తన ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, ఇంటర్నెట్ జోలికి వెళ్లకుండా అక్కడి నుంచే ఎక్కిస్తాడు.

```
python -m pip install --no-index --find-links=packages pandas openpyxl matplotlib
```

పూల్ ల్యాప్‌టాప్‌లను శిక్షణ రోజు కాకుండా ఈ పరీక్ష మొదలయ్యే రోజే చేతికిచ్చి, ఐటీ గదిలోనే ఒకసారి లాగిన్ చేయించాం. ఇక్కడ ఐటీ మేనేజర్‌తో కాస్త వాదన జరిగింది. మూడు వారాలు ల్యాప్‌టాప్‌లు బయట ఉంటే మిగతావాళ్లకు ఏమివ్వాలన్నది ఆయన ఇబ్బంది, అది న్యాయమైనదే. పరీక్ష పూర్తయ్యాక వెనక్కి తీసుకుని, వేరే యూజర్‌కు ఇవ్వకుండా, శిక్షణకు రెండు రోజుల ముందు అదే మనిషికి తిరిగివ్వాలన్న ఒప్పందానికి వచ్చాం. అంటే వాళ్లు చదువు పని డెస్క్‌టాప్ మీదే చేసి, ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. ఈ సంస్థలో పెన్‌డ్రైవ్‌లు పనిచేయవు కాబట్టి ఆ మాట ఆహ్వానంలో స్పష్టంగా రాశాం.

పరీక్ష గడువు శిక్షణకు పది పనిదినాల ముందు. గడువు నాటికి పదమూడు ‘READY’ వరుసలు వచ్చాయి, ఐదుగురు ఎర్రర్ ఉన్నదున్నట్టు అతికించి పంపారు. ఆ ఐదుగురినీ నేను సిద్ధంగా ఉన్నవాళ్లలోనే లెక్కేసుకున్నాను, ఎందుకంటే ఐటీకి వాళ్ల తప్పు తెలుసు, సమయం ఉంది. ఏమీ పంపని ఇద్దరి సీట్లు వెయిటింగ్ లిస్టుకు వెళ్లాయి. అందులో ఒకరి మేనేజర్ ఫోన్ చేశారు.

“ఊరికే కూర్చుని విన్నా లాభమే కదండీ? ల్యాప్‌టాప్ సంగతి అక్కడికొచ్చాక చూసుకుంటాడు.”

“అక్కడ చూసుకునే టైములో మిగతా పందొమ్మిది మంది ఆగాలి సార్. వచ్చే బ్యాచ్‌లో మీవాడిదే మొదటి పేరు.”

“పోనీ, ఇంకొకరిని పంపనా?”

“వెయిటింగ్‌లో ఉన్నావిడ వరుస మొన్ననే పంపేశారండీ.”

బదులు మనిషిని పంపడం అన్నది చూడటానికి చిన్న సౌలభ్యం. కానీ అర్హత, ల్యాప్‌టాప్, చదువు మూడూ ఆ ఒక్క మార్పుతో రద్దయిపోతాయి. అందుకే పరీక్ష మొదలైన రోజు నుంచి మార్పులు లేవని ఆహ్వానంలోనే రాశాం. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లను కూడా అదే పరీక్ష నడిపి ఉంచమన్నాం.

చదువు పని

మొదటి బ్యాచ్‌కు నాలుగు గంటల వీడియోలు, ఒక పెద్ద పీడీఎఫ్ పంపారు. మేనేజర్లు ఒప్పుకున్నది రెండు రోజుల శిక్షణకే. ఆ నాలుగు గంటలు ఎవరి ఖాతాలోంచి రావాలో ఎవరూ చెప్పలేదు. రాత్రి ఇంట్లో చూసుకోమనే అర్థం వచ్చింది.

ట్రైనర్‌ను ఒకటే అడిగాను: ఇందులో ఏది రాకపోతే మొదటి గంట నడవదు? ఆయన చెప్పింది గంటన్నర పనికి కుదిరింది. దాన్ని శిక్షణకు నాలుగు రోజుల ముందు, పని గంటల్లోనే, అందరి క్యాలెండర్లలో బ్లాక్ చేసి పెట్టాం. మేనేజర్ల అనుమతి ‘రెండు రోజులు’ అని కాకుండా ‘రెండు రోజుల గంటన్నర’ అని తీసుకున్నాం.

పూర్తి చేశారో లేదో అడగలేదు. ఆ గంటన్నర చివర ప్రతి ఒక్కరూ తమ సొంత నెలవారీ రిపోర్టు నుంచి పేర్లు, ఖాతా నంబర్లు తీసేసిన ఒక ఫైల్ తయారుచేస్తారు. శిక్షణలో మొదటి అభ్యాసం ఆ ఫైల్ మీదే. చేయనివాళ్లకు ట్రైనర్ దగ్గర నమూనా ఫైల్ ఉంది, కానీ పక్కవాళ్లు తమ రిపోర్టును పది నిమిషాల్లో కుదించుకుంటుంటే నమూనా మీద పనిచేయడం ఎవరికీ సరదాగా ఉండదు. రిమైండర్ ఒక్కటే పంపాం. పద్దెనిమిది మంది ఫైల్‌తో వచ్చారు.

రెండో బ్యాచ్

శిక్షణకు రెండు రోజుల ముందు అందరూ ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి అదే ఫైల్ ఇంకోసారి నడిపారు. విండోస్ నెలవారీ అప్‌డేట్లు రెండో మంగళవారం విడుదలవుతాయి, సంస్థ వాటిని ఆ తర్వాతి రోజుల్లో పంపుతుంది. రీస్టార్ట్ బాకీ ఉన్న ల్యాప్‌టాప్‌ను ఉదయం గదిలో తెరిస్తే అరగంట పోతుంది. రెండో పరీక్ష ఒకరి విషయంలో పనికొచ్చింది. ఆ వారమే ఆయన పాత ల్యాప్‌టాప్ తీసుకుని ఐటీ కొత్తది ఇచ్చింది. కంప్యూటర్ పేరు మారడంతో తెలిసింది.

మొదటి రోజు అభ్యాసం పది గంటలకు ముందే మొదలైంది. ఒకరి ఛార్జర్ పనిచేయలేదు, పక్కవాళ్లది తగలలేదు. ముందే సిద్ధం చేసి పెట్టుకున్న రెండు అదనపు ల్యాప్‌టాప్‌లలో ఒకటి ఇచ్చాం, ఆమె ఫైల్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది కాబట్టి పావుగంటలో కలిసిపోయింది. ట్రైనర్ ఆయనే, పాఠం అదే. ఈసారి స్పీడు గురించి ఇద్దరే రాశారు, ఆ ఇద్దరూ నమూనా ఫైల్ మీద పనిచేసినవాళ్లు.

ఎక్కడ వాడాలి, ఎక్కడ అక్కర్లేదు

ఈ పద్ధతికి ఖర్చుంది. వచ్చిన ప్రతి వరుసనూ ఐటీ జాబితాతో పోల్చి చూడటానికి ఒక మనిషి కావాలి, ఎర్రర్లు చూడటానికి ఐటీలో పేరు పెట్టి ఒకరు కేటాయించి ఉండాలి. స్లయిడ్లు చూసి చర్చించే శిక్షణలకు ఇదంతా దండగ. బ్రౌజర్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్‌కైతే, శిక్షణ జరిగే గది నెట్‌వర్క్ నుంచి ఆ పేజీ తెరుచుకుంటుందో లేదో ఎవరైనా ఒకరు వెళ్లి చూస్తే చాలు.

వంద మంది ఉన్న బ్యాచ్‌కు దీన్ని ఇలాగే వాడమని చెప్పను. అంతమందికి వరుసలు చేత్తో పోల్చడం కుదరదు, ఫైల్ తనంతట తానే ఫలితాన్ని ఒక చోటికి పంపేలా రాయించాలి, దానికి మళ్లీ సెక్యూరిటీ అనుమతి. ఆ అనుమతికి పట్టే రోజులు కూడా వెనక్కి లెక్కపెట్టే క్యాలెండర్‌లో కలుపుకోవాలి.

తేలని విషయం ఒకటి మిగిలింది. అర్హత పరీక్షలో ఆగిపోయిన ఎనిమిది మందిలో ముగ్గురు ఎస్‌క్యూఎల్ క్లాసుకు వచ్చాక కూడా తర్వాతి బ్యాచ్ తేదీలకు సెలవు పెట్టుకున్నారు. పని ఒత్తిడా, లేక ‘నన్ను ఆపారు’ అన్న చిన్నతనమా అన్నది వాళ్లు చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు. ఇప్పుడు ఆ పరీక్ష ఫారంలో మొదటి వాక్యం మార్చాం: ‘మీరు ఏ బ్యాచ్‌లో మొదలుపెడితే బాగుంటుందో చూడటానికి ఐదు ప్రశ్నలు.’ ఎవరికైనా ఏదో ఒక బ్యాచ్ తేదీ వెంటనే వెళ్తుంది, ‘అర్హత లేదు’ అన్న మాట ఉత్తరంలో ఎక్కడా రాదు. మూడో బ్యాచ్ దరఖాస్తులు ఈ ఫారంతోనే తీసుకుంటున్నాం.